ఒకే రోజు 36 మందికి ఇంటర్వ్యూలు: స్లాట్లు, ప్యానెళ్లు, ఫీడ్‌బ్యాక్ గొడవ లేకుండా నడిపే పద్ధతి

"శనివారం డ్రైవ్ పెడుతున్నాం, ఎంతమందిని పిలవమంటారు?" హెచ్ఆర్‌లో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. చాలామంది చేతిలో ఉన్న రెజ్యూమెల కట్ట చూసి అంకె చెప్పేస్తారు. అందరినీ ఉదయం 9 గంటలకే రమ్మంటారు. మధ్యాహ్నానికి హాలు నిండా జనం ఉంటారు, ప్యానెల్ వాళ్లు అలసిపోతారు, సోమవారానికి ఎవరి గురించి ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఎంతమందిని పిలవాలన్నది ప్యానెల్ దగ్గర ఉన్న గంటలను బట్టి తేలాలి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఉదాహరణకి మాదాపూర్‌లో ఒక మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకోండి. రెండు నుంచి నాలుగేళ్ల అనుభవం ఉన్న టెస్టర్లు ఐదుగురు కావాలి. శనివారం ఆఫీసులోనే రెండు టెక్నికల్ రౌండ్లు జరుగుతాయి. జీతం, నోటీసు పీరియడ్ మాటలు తరువాత ఫోన్‌లో మాట్లాడుకుంటారు. కింద ఉన్న లెక్కలన్నీ ఈ ఉదాహరణవే. మీ అంకెలు వేరుగా ఉన్నా పద్ధతి ఇదే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- మొదటి రౌండ్‌కి మూడు ప్యానెళ్లు, రెండో రౌండ్‌కి రెండు ప్యానెళ్లు. ఒక్కో ప్యానెల్‌లో ఇద్దరు.
- ఎవరైనా రాకపోతే కూర్చోడానికి అదనంగా ఇద్దరు. వీళ్లు "అవసరమైతే వస్తాం" అంటే కుదరదు, ఆ రోజు ఆఫీసులోనే ఉండాలి.
- రిసెప్షన్ దగ్గర ఒకరు, ప్యానెల్ గదుల మధ్య తిరగడానికి ఒకరు. ఈ రెండో మనిషిని ఫ్లోర్ కోఆర్డినేటర్ అందాం.
- తలుపులు మూసుకునే ఆరు గదులు, కూర్చోడానికి ఒక హాలు, ఫలితం చెప్పడానికి ఒక చిన్న గది.
- ఒక గూగుల్ షీట్, ఒక గూగుల్ ఫారం.

## 1. ముందు ప్యానెల్ గంటలు లెక్కపెట్టండి

మొదటి రౌండ్ స్లాట్ 40 నిమిషాలు. అందులో 30 నిమిషాలు ఇంటర్వ్యూ, 10 నిమిషాలు ఫీడ్‌బ్యాక్ రాయడానికి. ఆ 10 నిమిషాలను ఎవరూ క్యాలెండర్‌లో పెట్టరు. ఇంటర్వ్యూ అరగంటే కదా అని అరగంటకొకరిని పంపిస్తారు. ఫీడ్‌బ్యాక్ సాయంత్రానికి వాయిదా పడుతుంది, సాయంత్రానికి తొమ్మిది మొహాలు కలగాపులగం అవుతాయి.

ఒక ప్యానెల్ రోజు ఇలా ఉంటుంది: 9:30, 10:10, 10:50, తరువాత పది నిమిషాల విరామం, 11:40, 12:20, ఒంటిగంటకి భోజనం, 2:00, 2:40, ఇరవై నిమిషాల టీ, 3:40, 4:20. ఐదింటికి ముగింపు. అంటే ప్యానెల్‌కి 9 మంది, మూడు ప్యానెళ్లకి 27 మంది. ఇంతకంటే ఎక్కువ పెట్టకండి. చివర కూర్చున్న అభ్యర్థికి దక్కేది అలసిపోయిన ప్యానెలే.

రెండో రౌండ్ స్లాట్ గంట: 45 నిమిషాలు మాట, 15 నిమిషాలు రాత. 11, 12, 2, 3, 4, 5 గంటలకి ఆరు స్లాట్లు, రెండు ప్యానెళ్లకి 12 మంది. మొదటి రౌండ్ 9:30కి మొదలైతే రెండో రౌండ్ ప్యానెల్‌ని కూడా 9:30కే రప్పించే అలవాటు చాలాచోట్ల ఉంది. వాళ్లు గంటన్నర ఖాళీగా కూర్చుని చిరాకు పడటం తప్ప లాభం లేదు. 10:45కి రమ్మనండి.

## 2. పిలవాల్సిన సంఖ్య, బ్యాచ్‌లు

పిలిచిన అందరూ రారు. మీ గత రెండు మూడు డ్రైవ్‌ల షీట్లు తీసి ఎంతమందిని పిలిచారో, ఎంతమంది వచ్చారో చూడండి. మన ఉదాహరణలో నలుగురిలో ముగ్గురు వస్తారని అనుకుందాం. 27 స్లాట్లకి 36 మందిని పిలవాలి. మరి 36 మందీ వస్తే? అదనంగా ఉంచిన ఇద్దరు నాలుగో ప్యానెల్‌గా కూర్చుంటే ఇంకో తొమ్మిది స్లాట్లు వస్తాయి, లెక్క సరిపోతుంది. ఇలాంటి ప్యానెల్ లేకపోతే స్లాట్లకి మించి ఒక్కరిని కూడా పిలవకండి. దూరం నుంచి వచ్చినవాళ్లని చూడకుండా వెనక్కి పంపడం కంటే రెండు స్లాట్లు ఖాళీగా ఉండటమే నయం.

అందరినీ ఒకే సమయానికి పిలవకుండా పెళ్లి భోజనాల్లో బంతుల్లాగా విడదీయండి:

- 'ఎ' బ్యాచ్: 9:00కి హాజరు, 12 మంది, తొమ్మిది స్లాట్లు
- 'బి' బ్యాచ్: 11:10కి, 8 మంది, ఆరు స్లాట్లు
- 'సి' బ్యాచ్: 1:30కి, 8 మంది, ఆరు స్లాట్లు
- 'డి' బ్యాచ్: 3:10కి, 8 మంది, ఆరు స్లాట్లు

హాజరు సమయానికి, మొదటి స్లాట్‌కి మధ్య అరగంట తేడా ఉండాలి. పెద్ద ఐటీ పార్కుల్లో గేటు దగ్గర విజిటర్ పాస్, లాప్‌టాప్ నంబర్ నమోదు, లిఫ్ట్ కోసం ఎదురుచూపు కలిసి ఆ అరగంటను తినేస్తాయి.

'డి' బ్యాచ్‌తో ఒక చిక్కు ఉంది. వీళ్లలో మొదటి రౌండ్ దాటినవాళ్లకి మిగిలేది 5 గంటల స్లాట్ ఒక్కటే, అందులో ఇద్దరే పడతారు. ముగ్గురు దాటితే మూడో మనిషికి సోమవారం వీడియో కాల్ ఇవ్వాల్సి వస్తుంది. ఆ సంగతి పిలుపులోనే రాసి ఉంచండి. బయట ఊళ్ల నుంచి వచ్చేవాళ్లని 'డి'లో వేయకండి. విజయవాడ నుంచో వరంగల్ నుంచో వచ్చేవాళ్లకి 'బి' బ్యాచ్ బాగా కుదురుతుంది. పొద్దున బయల్దేరి రావచ్చు, రాత్రికి ఇంటికి చేరొచ్చు.

## 3. ప్యానెళ్లు ఒకే కొలతతో కొలిచేలా చూడండి

మూడు గదుల్లో మూడు రకాల ప్రశ్నలు అడిగితే ఎవరు మెరుగో చెప్పడం ఎవరి వల్లా కాదు. మొదటి రౌండ్‌కి మూడే అంశాలు పెట్టుకోండి: టెస్ట్ కేసులు ఆలోచించడం, బగ్ రిపోర్ట్ రాయడం, ఎస్‌క్యూఎల్. ప్రతి అంశానికీ 1 నుంచి 4 దాకా మార్కులు. ఐదు పాయింట్ల కొలత ఇస్తే చాలామంది మధ్యలో ఉన్న 3 దగ్గరే ఆగిపోతారు. నాలుగు అయితే అటో ఇటో తేల్చాలి.

ఏ జవాబుకి ఎంత వేయాలో ముందే రాసి ఇవ్వాలి. "ఓటీపీతో లాగిన్ అయ్యే పేజీకి టెస్ట్ కేసులు చెప్పండి" అనే ప్రశ్న తీసుకుందాం. సరైన ఓటీపీ, తప్పు ఓటీపీ దగ్గర ఆగిపోతే 1. గడువు దాటిన ఓటీపీ, ఖాళీగా వదిలేయడం కూడా చెబితే 2. మళ్లీ పంపమని అడగడం, చాలాసార్లు తప్పు కొడితే ఏం జరగాలన్నది కూడా వస్తే 3. కొత్త ఓటీపీ వచ్చాక పాతది పనిచేస్తుందా అని ఆలోచించి, "గడువు ఎంతసేపు?" అని తిరిగి మనల్నే అడిగి, ఏది ముందు పరీక్షించాలో కారణంతో చెబితే 4.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. 'ఎ' బ్యాచ్ వాళ్లు బయటికి రాగానే టీ కొట్టు దగ్గర 'బి' బ్యాచ్ వాళ్లకి ప్రశ్నలు చెప్పేస్తారు. ఆ మాటకొస్తే మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వెళ్లిపోతాయి. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. ప్రతి బ్యాచ్‌కి వేరే సెట్ ఇవ్వండి. 'ఎ'కి ఓటీపీ లాగిన్, 'బి'కి ఏటీఎంలో డబ్బు తీయడం, 'సి'కి రైలు టికెట్ రద్దు, 'డి'కి ఫుడ్ యాప్‌లో కూపన్ వాడటం. కష్టం ఒకే స్థాయిలో ఉందో లేదో శుక్రవారమే మీ టీమ్‌లో ఒక టెస్టర్‌తో నాలుగూ చేయించి చూడండి.

శుక్రవారం సాయంత్రం ప్యానెల్ వాళ్లందరినీ అరగంట కూర్చోబెట్టండి. ఒక నమూనా జవాబు చదివి వినిపించి, ఎవరికి వాళ్లు కాగితం మీద మార్కు రాయమనండి. ఒకరు 2, ఇంకొకరు 4 వేస్తే, ఎందుకో అక్కడే మాట్లాడుకోవాలి. డ్రైవ్‌కి ముందు ఈ ఒక్క సమావేశం తప్ప ఇంకేదైనా రద్దు చేసుకోవచ్చు.

ఎవరు ఏ గదికి వెళ్లాలన్నది వచ్చిన వరస ప్రకారం తిప్పండి: మొదటివారు ఒకటో ప్యానెల్, రెండోవారు రెండు, మూడోవారు మూడు. ఒకే కన్సల్టెన్సీ నుంచి వచ్చినవాళ్లు ఒకే గదిలో పడితే ప్యానెళ్లను తరువాత పోల్చడం కష్టం.

## 4. పిలుపు, ఖాయం చేసుకోవడం

ఐదు రోజుల ముందు మెయిల్. రెండు రోజుల ముందు ఫోన్. ముందు రోజు సాయంత్రం ఒక వాట్సాప్ సందేశం. అందరికీ ఒకే పాఠం వెళ్లాలి, బ్యాచ్ సమయం, 'డి' వాళ్లకి సోమవారం వీడియో కాల్ సంగతి మాత్రం మారతాయి. అందులో ఇవి ఉండాలి: ఎన్ని రౌండ్లు, మొత్తం ఎంతసేపు పట్టవచ్చు, ఏ గేటు, దగ్గర్లోని మెట్రో స్టేషన్, తేవాల్సిన గుర్తింపు కార్డు, భోజనం మీరే పెడతారో లేదో, ఆ రోజు ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి. ఉద్యోగం పేరుతో డబ్బులు గుంజే మోసాలు ఎక్కువ కాబట్టి "ఏ దశలోనూ మేం డబ్బు తీసుకోం" అన్న వాక్యం కూడా చేర్చండి. ర్యాంప్ లాంటి సదుపాయం, రాసుకోడానికి అదనపు సమయం ఏమైనా కావాలా అని ఫోన్‌లో అడగండి. అలా అడిగితేనే చాలామంది చెబుతారు.

జాగ్రత్త: అభ్యర్థులందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో వేయకండి. అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడదామంటే, మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి అది చేరదు. 36 మందికి విడివిడిగా పంపడమే మేలు.

ఫోన్‌లోనే నోటీసు పీరియడ్ కూడా అడిగేయండి. నెలలో చేరాల్సిన ఉద్యోగానికి 90 రోజుల నోటీసు ఉన్న మనిషిని రోజంతా కూర్చోబెట్టి చివర్లో చెప్పడం అన్యాయం.

## 5. షీట్

ఎక్కువ ట్యాబ్‌లు వద్దు. వరుసగా ఈ కాలమ్‌లు చాలు: 'ఎ'లో టోకెన్, 'బి'లో పేరు, 'సి'లో బ్యాచ్, 'డి'లో ప్యానెల్, 'ఇ'లో స్లాట్ సమయం, ఆ తరువాత వచ్చిన సమయం, లోపలికి వెళ్లిన సమయం, మొదటి రౌండ్ ఫలితం, రెండో రౌండ్ స్లాట్, ఫలితం చెప్పామా లేదా. ప్యానెల్, స్లాట్ ముందే నింపకండి. స్లాట్ల కంటే ఎక్కువ మందిని పిలిచాం కదా, మనిషి వచ్చి సంతకం పెట్టాకే కేటాయించాలి.

ఒకే ప్యానెల్‌కి ఒకే సమయంలో ఇద్దరు పడకుండా, షీట్‌లోని కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఈ ఫార్ములా పెట్టి ఎరుపు రంగు ఇవ్వండి:

```
=AND($D2<>"",COUNTIFS($D$2:$D$60,$D2,$E$2:$E$60,$E2)>1)
```

ఫార్ములా పనిచేస్తోందో లేదో శుక్రవారమే చూసుకోండి. రెండు వరుసల్లో ఒకే ప్యానెల్, ఒకే సమయం వేయండి. రెండూ ఎర్రబడాలి. ఎర్రబడకపోతే సమయాలు ఒకచోట "9:30" అని, ఇంకోచోట "9.30" అని పడి ఉంటాయి. స్లాట్ సమయాలకి డ్రాప్‌డౌన్ పెడితే ఈ బాధ ఉండదు.

## 6. ఆ రోజు నడపడం

ముందు రోజు సాయంత్రానికే పేర్ల జాబితా గేటు దగ్గర సెక్యూరిటీకి చేరాలి. ఉదయం 8:30కి ఫ్లోర్ కోఆర్డినేటర్ ప్యానెల్ వాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "బయల్దేరారా?" అని అడగాలి. మెసేజ్ చూశారన్న నీలి టిక్కులు చాలవు.

హాల్లో ఎవరూ 45 నిమిషాలకి మించి ఏ కబురూ లేకుండా కూర్చోకూడదు. ఆలస్యం అవుతుంటే ఎంతో చెప్పండి: "రెండో ప్యానెల్ 20 నిమిషాలు వెనకబడింది, మీ వంతు 12:40కి వస్తుంది." ఇలా చెబితే జనం ఓపిక పడతారు. "ఇంకాసేపట్లో పిలుస్తాం" అంటే ఐదు నిమిషాలకొకసారి లేచివచ్చి అడుగుతారు.

ఒక ప్యానెల్ అరగంట కంటే వెనకబడితే విరామం కోసి సర్దాలని చూడకండి. ఆ ప్యానెల్ తరువాతి అభ్యర్థిని అదనపు ప్యానెల్‌కి పంపండి. అది రెండో రౌండ్ ప్యానెల్ అయితే అదనపు ఇద్దరికీ అంత అనుభవం ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఆ అభ్యర్థిని అడిగి సోమవారానికి మార్చడం మంచిది.

మొదటి రౌండ్ దాటనివాళ్లకి అరగంట లోపు చిన్న గదిలోకి పిలిచి చెప్పండి. హాల్లో నిలబడి, "ఈ పేర్లవాళ్లు ఉండండి, మిగతావాళ్లు వెళ్లొచ్చు" అని చదవడం చాలాచోట్ల చూస్తాం. చదివేవాళ్లకి పని తేలిక, వినేవాళ్లకి అవమానం. ఒకే మనిషి, ఒకే మాటలతో, అందరికీ చెప్పాలి. "ఈసారి తీసుకోలేకపోతున్నాం, మెయిల్ కూడా వస్తుంది" అంటే చాలు. కారణాలు అక్కడికక్కడ చర్చించకండి, చెప్పే మనిషి ఇంటర్వ్యూ గదిలో లేడు కదా. "మేమే ఫోన్ చేస్తాం" అన్న మాట మాత్రం నిజంగా చేసేవాళ్లకే చెప్పండి.

ఆరు గంటలకి చివరి స్లాట్ ముగుస్తుంది. ఆ సమయంలో బయటికి వెళ్లే ఆడపిల్లలకి క్యాబ్ కావాలేమో అడగండి.

## 7. ఫీడ్‌బ్యాక్: అసలు గండం ఇక్కడే

నియమం ఒకటే. ఫారం వచ్చేదాకా తరువాతి అభ్యర్థి లోపలికి వెళ్లడు. ఫ్లోర్ కోఆర్డినేటర్ ఫోన్‌లో షీట్ చూస్తూ తలుపు దగ్గర నిలబడాలి. గూగుల్ ఫారాన్ని షీట్‌కి లింక్ చేస్తే, పంపిన సమయం అందులో దానంతటదే పడుతుంది కాబట్టి వాదనకి చోటుండదు.

ప్యానెల్‌లో ఇద్దరూ విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే పంపాలి. సీనియర్ "నాకు నచ్చలేదు" అన్నాక జూనియర్ 3 వేయడు. ఫారంలో మూడు మార్కులు, ఒక్కో మార్కుకి ఒక వాక్యం సాక్ష్యం, చివర "ముందుకు" లేదా "ఆపాలి". అంతకంటే పొడుగు ఫారం ఇస్తే పది నిమిషాల్లో పూర్తికాదు.

సాక్ష్యం అంటే ఏమిటో ప్యానెల్‌కి ఉదాహరణతో చూపించండి. "కమ్యూనికేషన్ పర్వాలేదు, కాన్సెప్ట్స్ వీక్" అన్నది ఎవరికైనా అతుకుతుంది. "డూప్లికేట్ వరుసలు తీయమంటే గ్రూప్ బై దాకా వచ్చింది, హ్యావింగ్ గుర్తుచేశాక పూర్తిచేసింది" అంటే మూడు రోజుల తరువాత చదివినా ఆ అమ్మాయి ఏం చేసిందో తెలుస్తుంది.

ఇద్దరి మార్కుల సగటు 12కి 8 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, ఏ అంశంలోనూ 1 లేకపోతే రెండో రౌండ్‌కి పంపండి. సరిగ్గా 7 దగ్గర ఆగినవాళ్ల సంగతి కోఆర్డినేటర్ తేల్చకూడదు. రెండో రౌండ్ ప్యానెల్‌లోని సీనియర్ ఫారం చదివి చెప్పాలి. 7కీ 8కీ మధ్య ఉన్నవాళ్లకీ ఇదే పద్ధతి.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఐదు నిమిషాలు షీట్ చూడండి. అప్పటికి ఒక్కో ప్యానెల్ ఐదుగురిని చూసి ఉంటుంది. ఒకటో ప్యానెల్ నలుగురిని దాటించి, మూడో ప్యానెల్ ఒక్కరినీ దాటించలేదనుకోండి. ఐదుగురితోనే ఏదీ రుజువు కాదు, నిజంగానే బలహీనమైన వరస పడి ఉండొచ్చు. ఆ రెండు ప్యానెళ్ల సాక్ష్యం వాక్యాలు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే రకం జవాబుకి ఒకచోట 3, ఇంకోచోట 2 పడుతుంటే కొలత కాగితం మళ్లీ ఒకసారి చదివించి మధ్యాహ్నం సెషన్ మొదలుపెట్టండి. ఆపేసినవాళ్లలో అలా నష్టపోయినవాళ్లుంటే రెండో రౌండ్‌కి సోమవారం పిలవండి.

ఒకే రోజు కాకుండా వారంలో ఆన్‌లైన్‌లో చేస్తుంటే: స్లాట్ 40 నిమిషాలుగానే క్యాలెండర్‌లో బ్లాక్ చేయండి, చివరి పది నిమిషాలు ఫారానికి. గడువు 24 గంటలు. మర్నాడు పొద్దున మెయిల్ పంపకుండా ఫోన్ చేయండి. గడువు దాటినవాళ్లకి ఆ ఫారం వచ్చేదాకా కొత్త ఇంటర్వ్యూ ఇవ్వకండి. ప్యానెల్‌లో ఒకరు డాలస్‌లో ఉంటే మన రాత్రి 8:30 వాళ్లకి వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9. అమెరికాలో మార్చి, నవంబర్ నెలల్లో గడియారం మారే వారంలో పాత ఆహ్వానాలన్నీ ఒకసారి సరిచూసుకోండి.

## 8. నిర్ణయం, కబురు

సోమవారం ఉదయం 10 గంటలకి 45 నిమిషాల సమావేశం. ఇది డ్రైవ్ తేదీ ఖాయమైన రోజే అందరి క్యాలెండర్‌లోకి వెళ్లాలి, తరువాత పెడదామంటే ఎవరికీ ఖాళీ దొరకదు. రెండో రౌండ్ చేసిన 12 మందినీ మార్కుల వరసలో కాకుండా టోకెన్ వరసలో మాట్లాడండి. ఎక్కువ మార్కులవాళ్లతో మొదలుపెడితే సమయమంతా వాళ్లకే పోతుంది, కిందివాళ్లు ఐదేసి సెకన్లలో అయిపోతారు. వీడియో కాల్‌కి వాయిదా పడినవాళ్లు ఉంటే సమావేశాన్ని మంగళవారానికి జరపండి, వాళ్లని వదిలేసి ఐదుగురిని ఖాయం చేయకండి.

ఐదుగురికి ఫోన్, ఇద్దరు ముగ్గురిని వెయిటింగ్‌లో పెట్టండి. వెయిటింగ్‌లో ఉన్నట్టు వాళ్లకి చెప్పాలి, ఏ తేదీ దాకా అన్నదీ చెప్పాలి. మిగిలినవాళ్లందరికీ బుధవారం సాయంత్రం ఐదు లోపు మెయిల్.

## సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

షీట్‌లోనే నాలుగు సంగతులు కనబడతాయి. ఏ బ్యాచ్‌కి ఎంతమంది వచ్చారు? బ్యాచ్‌కి చెప్పిన సమయానికే వచ్చినవాళ్లు లోపలికి వెళ్లేదాకా ఎంతసేపు కూర్చున్నారు? స్లాట్ ముగిసిన సమయం దాటి వచ్చిన ఫారాలు ఎన్ని, ఏ ప్యానెల్‌వి? "ఫలితం చెప్పాం" కాలమ్‌లో ఖాళీ గడి ఏదైనా ఉందా? నాలుగో ప్రశ్నకి జవాబు "ఉంది" అయితే మిగతావి పక్కనపెట్టి ముందు ఆ మనిషికి ఫోన్ చేయండి.

ఎదురుచూపు 'ఎ' బ్యాచ్‌లోనే ఎక్కువగా తేలుతుంది, ఎందుకంటే 10:50 స్లాట్ పడినవాళ్లు కూడా 9కే వస్తారు. అది గంటన్నర దాటితే వచ్చేసారి 'ఎ'ని రెండుగా చీల్చండి: 9:00కి ఎనిమిది మంది, 10:20కి నలుగురు. మధ్యాహ్నం బ్యాచ్‌లకి హాజరు బాగా తగ్గితే ముందు రోజు సందేశం వాళ్లకి నిజంగా చేరిందా అని చూడండి. తీసుకోనివాళ్లలో ముగ్గురికి, ఒక్కో ప్యానెల్ నుంచి ఒకరిని తీసుకుని, వారం తరువాత ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: ఎక్కడ ఎక్కువసేపు కూర్చున్నారు, ఏ విషయం ముందే చెప్పి ఉంటే బాగుండేది. వాళ్లు చెప్పినవి వచ్చే పిలుపు మెయిల్‌లో చేర్చండి.